క్యాప్సూల్ ముప్పు, లేబుల్ మౌనం

గ్రీన్ టీ పేరుతో మార్కెట్లో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఒకటి, వేడినీళ్లలో ఆకు వేసుకుని తాగే టీ. రెండోది, ఆ ఆకులోని సారాన్ని ద్రావకంతో లాగి, గాఢంగా చేసి, ఎండబెట్టి, పొడిగా క్యాప్సూల్లో నింపిన ఎక్స్‌ట్రాక్ట్. మొదటిదాన్ని జనం తరతరాలుగా తాగుతున్నారు. రెండోది బరువు తగ్గించే వ్యాపారం పెరిగాక మందుల షాపుల్లోకి, జిమ్‌లలోకి, ఆన్‌లైన్ అంగళ్లలోకి వచ్చింది. ఆ సీసా మీద ఆవిరి లేస్తున్న కప్పు, రెండు లేత ఆకులు కనిపిస్తాయి. లోపల ఉన్నది మాత్రం ఆ కప్పులోది కాదు. టీ సంపాదించుకున్న మంచిపేరును పెట్టుబడిగా పెట్టి, అరుదుగానైనా కాలేయాన్ని దెబ్బతీయగల పదార్థాన్ని హెచ్చరిక లేకుండా అమ్మడం తప్పు. ఈ తప్పు తెలియక జరుగుతున్నది కాదు. ఇరవై ఏళ్లకు పైగా తెలిసి జరుగుతున్నది.

2003 ఏప్రిల్‌లో ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలు ఎక్సోలిజ్ అనే బరువు తగ్గించే ఉత్పత్తిని మార్కెట్ నుంచి తప్పించాయి. ఆల్కహాల్‌తో తీసిన గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ అది. వాడినవారిలో 13 మందికి కాలేయం దెబ్బతిన్నట్టు కేసులు నమోదయ్యాయి. గ్రీన్ టీలో ప్రధానమైన కాటెకిన్ పేరు ఈజీసీజీ. ఎక్సోలిజ్ రోజువారీ మోతాదులో ఉన్నది 375 మిల్లీగ్రాముల ఈజీసీజీ. ఈ అంకెను గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఇవాళ అమ్ముడవుతున్న చాలా సీసాలు రోజుకు అంతకంటే ఎక్కువే వేసుకోమంటున్నాయి.

పదమూడు కేసులు యాదృచ్ఛికమని, వాళ్లకు ముందే ఏదో జబ్బు ఉండి ఉంటుందని తయారీదారులు వాదించవచ్చు. ఆ వాదనకు అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన పరీక్ష జవాబు చెప్పింది. రొమ్ము క్యాన్సర్ ముప్పును గ్రీన్ టీ తగ్గించగలదా అని తెలుసుకోవడానికి మెనోపాజ్ దాటిన వెయ్యి మందికి పైగా ఆరోగ్యవంతులైన మహిళలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు ఏడాదిపాటు రోజూ 843 మిల్లీగ్రాముల ఈజీసీజీ ఉన్న క్యాప్సూల్స్ ఇచ్చారు. రెండో జట్టుకు అలాగే కనిపించే ఉత్తుత్తి క్యాప్సూల్స్ ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో వాళ్లకూ తెలియదు, చూస్తున్న వైద్యులకూ తెలియదు. క్రమం తప్పకుండా రక్తం తీసి కాలేయ ఎంజైములు చూశారు. ఉత్తుత్తి క్యాప్సూల్ మింగినవారిలో 0.7 శాతం మందికి కాలేయ పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా వచ్చింది. గ్రీన్ టీ క్యాప్సూల్ మింగినవారిలో అది 5.1 శాతం. అంటే దాదాపు ఏడు రెట్లు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. ఎంజైములు పెరిగిన మహిళలకు క్యాప్సూల్స్ ఆపారు. అంకెలు మామూలు స్థాయికి దిగాయి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మళ్లీ పెరిగాయి. ఒక పదార్థం మీద నేరం రుజువు కావాలంటే వైద్యశాస్త్రంలో ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకడం కష్టం. ఆపితే తగ్గడం, ఇస్తే పెరగడం యాదృచ్ఛికంగా జరగవు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ క్యాప్సూల్స్ నుంచి కెఫీన్ తీసేశారు. కాబట్టి కెఫీన్ లేనిది కొనుక్కుంటే భయం లేదనే ధైర్యానికి ఆధారం లేదు. కాలేయాన్ని కష్టపెడుతున్నది కాటెకిన్లే.

ఆ మహిళల అదృష్టం ఏమిటంటే వాళ్లు పరీక్షలో ఉన్నారు. రక్తపరీక్ష ముందే పట్టుకుంది కాబట్టి పెద్ద ప్రమాదం రాకముందే ఆపగలిగారు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఆన్‌లైన్‌లో సీసా తెప్పించుకున్న మనిషికి రక్తం తీసి చూసేవారు ఎవరూ లేరు. అతనికి లోపల ఏం జరుగుతున్నదో తెలిసేది కళ్లు పచ్చబడ్డాకే.

టీ తాగితే రాని చిక్కు క్యాప్సూల్ మింగితే ఎందుకు వస్తుంది? రెండింటిలో ఉన్నది అదే ఈజీసీజీ కదా అనే ప్రశ్న సహజం. అమ్మేవారు మన చేత అలా అనుకోనిచ్చి లాభపడుతున్నారు కాబట్టి దీనికి వివరంగా జవాబు చెప్పుకోవాలి.

కప్పు టీలో ఈజీసీజీ ఆకును బట్టి, నీటి వేడిని బట్టి, ఎంతసేపు నానిందన్నదాన్ని బట్టి మారుతుంది. సాధారణంగా 50 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆ కప్పును మనం పది నిమిషాలు గుటకలు వేస్తూ తాగుతాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగుతాం. చాలాసార్లు ఏదో తిన్నాక తాగుతాం. పేగుల నుంచి రక్తంలోకి చేరేది అందులో కొద్ది భాగమే. ఆ కొద్దిపాటినీ కాలేయం దారిలోనే పట్టుకుని, దానికి రసాయనాలు తగిలించి, నిరపాయంగా మార్చి బయటికి పంపుతుంది. ఈ పని చేయడానికి కాలేయానికి ఒక వేగం ఉంది. కాలువలో పారుదలగా వచ్చే నీటిని పొలం తాగగలదు. అదే నీరు గండి కొట్టుకుని ఒక్కసారి వచ్చిపడితే పైరు నిలవదు. నాలుగైదు కప్పుల్లోని సారం ఒక్క గుటకలో, గాఢంగా, పొడి రూపంలో వచ్చి పడినప్పుడు కాలేయం శుద్ధిచేసే వేగం సరిపోదు. మార్పు చెందని ఈజీసీజీ కణాల్లో పేరుకుంటుంది.

ఇక్కడే ఆ పదార్థం స్వభావం తిరగబడుతుంది. తక్కువ మోతాదులో యాంటీఆక్సిడెంట్‌గా పేరుపడ్డ ఈజీసీజీ, ఎక్కువ మోతాదులో దానికి సరిగ్గా విరుద్ధమైన పని చేస్తుంది. తానే ఆక్సీకరణ చెంది కణాలకు హాని చేసే పదార్థాలను పుట్టిస్తుంది. కాలేయ కణానికి రక్షణగా ఉండే గ్లూటాథయాన్ నిల్వను తరిగిస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది. ‘యాంటీఆక్సిడెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనే ప్రకటన ఈ ఒక్క కారణంతోనే అబద్ధమవుతుంది.

ఖాళీ కడుపు సంగతి దీనికి ముడిపడి ఉంది. 2005లో వెలువడిన ఒక మానవ అధ్యయనంలో, రాత్రంతా ఉపవాసం ఉండి క్యాప్సూల్ వేసుకున్నప్పుడు రక్తంలో ఈజీసీజీ గరిష్ఠ స్థాయి, ఆహారంతో వేసుకున్నప్పటి కంటే మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. కుక్కల మీద జరిపిన విషప్రభావ పరీక్షల్లో తేడా ఇంకా భయంకరంగా కనిపించింది. తిన్నాక ఇచ్చినప్పుడు తట్టుకున్న జంతువులు, ఖాళీ కడుపుతో ఇచ్చినప్పుడు కాలేయ కణాలు చచ్చి ప్రాణాలు విడిచాయి. ఉపవాసంతో ఇస్తున్న ఒక దీర్ఘకాలిక పరీక్షను, జంతువులు అనుకోని విధంగా చనిపోతుంటే మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఇవి రహస్య పత్రాలేమీ కావు. శాస్త్ర పత్రికల్లో అచ్చయినవి. అయినా బరువు తగ్గాలనుకునేవారికి జిమ్‌లలో, యూట్యూబ్ వీడియోల్లో దొరికే సలహా ఏమిటి? పొద్దున్నే పరగడుపున వేసుకోండి, కొవ్వు బాగా కరుగుతుంది అని. పూట భోజనం మానేసి డైటింగ్‌లో ఉన్న మనిషికి ఇచ్చే ఈ సలహా అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా.

మరి అందరికీ ఎందుకు రావడం లేదు? లక్షల మంది మింగుతున్నారు, కొద్దిమందికే ఎందుకు వస్తోంది? దీనికి సగం జవాబు జన్యువుల్లో దొరికింది. మందుల వల్ల దెబ్బతిన్న కాలేయాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేస్తున్న అమెరికా పరిశోధన బృందం, గ్రీన్ టీ కారణమని తేల్చిన 40 కేసులను పరిశీలించింది. వాళ్లలో 72 శాతం మందికి హెచ్‌ఎల్‌ఏ-బీ 35:01 అనే జన్యురూపం ఉంది. మామూలు జనంలో అది పదిమందిలో ఒకరికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే కొందరి రోగనిరోధక వ్యవస్థ ఈ పదార్థం తగిలిన కాలేయ కణాన్ని శత్రువుగా పొరబడే అవకాశం ఎక్కువ. అయితే ఆ జన్యురూపం ఉన్నవారిలో కూడా అత్యధికులకు ఏమీ కాదు. కాబట్టి ముందే పరీక్ష చేయించుకుని నిశ్చింతగా మింగవచ్చనే దారి లేదు. పసుపు గాఢ సారంతో అమ్మే క్యాప్సూల్స్ వల్ల కాలేయం దెబ్బతిన్నవారిలో కూడా ఇదే జన్యురూపం ఎక్కువగా కనిపించింది. వంటింటి పసుపు కాదు, క్యాప్సూల్ పసుపు. గ్రీన్ టీ, పసుపు, గార్సీనియా కలిపి ఒకే క్యాప్సూల్లో కూరి అమ్మేవారు ఈ సంగతి చదవాలి.

మోతాదు దగ్గరికి వద్దాం. 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ అప్పటిదాకా ఉన్న ఆధారాలన్నిటినీ పరిశీలించింది. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీని సప్లిమెంటుగా తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని తేల్చింది. మామూలుగా కాచుకుని తాగే టీ సాధారణంగా సురక్షితమేనని చెప్పింది. సప్లిమెంటు విషయంలో మాత్రం పలానా మోతాదు సురక్షితం అని చెప్పలేమని స్పష్టంగా రాసింది. దానికి కారణం పైన చెప్పిన 375 మిల్లీగ్రాముల ఉత్పత్తే. ఆ నివేదిక మీద ఆధారపడి 2022 చివర్లో యూరోపియన్ యూనియన్ నిబంధన తెచ్చింది. ఒక రోజు మోతాదులో ఈజీసీజీ 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఖాళీ కడుపుతో తీసుకోకూడదని, గర్భిణులు, బాలింతలు, 18 ఏళ్లలోపువారు వాడకూడదని, అదే రోజు గ్రీన్ టీ ఉన్న ఇతర ఉత్పత్తులు తీసుకోకూడదని సీసా మీద రాయాలి.

ఆ 800ను సురక్షిత హద్దుగా చదవడం పొరపాటు. అది హాని కొలిచి చూపగలిగిన గీత. దానికి కింద ఉన్నదంతా క్షేమమని ఎవరూ హామీ ఇవ్వలేదు. 2018లోనే వెలువడిన మరొక సమీక్ష, మానవ, జంతు పరీక్షలను కలిపి లెక్కగట్టి, క్యాప్సూల్ రూపంలో పెద్దలకు రోజుకు 338 మిల్లీగ్రాములు, టీ రూపంలో 704 మిల్లీగ్రాములు అనే హద్దులు సూచించింది. ఒకే పదార్థానికి రెండు హద్దులు పెట్టాల్సి రావడంలోనే టీకీ క్యాప్సూల్‌కీ మధ్య తేడా తెలుస్తుంది. ఎలాగైనా వాడతామనేవారికి ఈ సంపాదకీయం చెప్పగలిగింది ఇంతే: రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకండి, భోజనంతోనే వేసుకోండి, ఒకేసారి రెండు ఉత్పత్తులు వాడకండి, కాలేయ జబ్బు ఉంటే అసలే ముట్టుకోకండి. ఇంత చేసినా జన్యుపరంగా ముప్పు ఉన్నవారికి పూర్తి రక్షణ లేదు.

ఆ 300ను కొనుగోలుదారు లెక్కగట్టగలడా అన్నది అసలు చిక్కు. సీసా వెనక ‘గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ 500 మిల్లీగ్రాములు, పాలీఫినాల్స్ 98 శాతం, ఈజీసీజీ 45 శాతం’ అని ఉందనుకుందాం. అంటే ఒక్కో క్యాప్సూల్లో 225 మిల్లీగ్రాముల ఈజీసీజీ. రోజుకు మూడు వేసుకోమంటే 675. అదే మనిషి జిమ్‌లో ఇచ్చిన ఫ్యాట్ బర్నర్ కూడా వాడుతూ, అందులో ఇంకో 200 ఉంటే మొత్తం 875. మిన్నెసోటా మహిళలకు ఇచ్చినదాన్ని అతను తనకు తెలియకుండానే దాటాడు. ఈ లెక్కయినా చేయగలిగింది లేబుల్ మీద ఈజీసీజీ శాతం ఉంది కాబట్టి. ఎన్నో సీసాల మీద ‘పాలీఫినాల్స్ 50 శాతం’ దగ్గరే మాట ఆగిపోతుంది. అందులో ఈజీసీజీ ఎంతో చెప్పరు. ‘ప్రొప్రయిటరీ బ్లెండ్’ అని రాసినచోట అదీ ఉండదు. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు సూట్‌కేసులో తెచ్చే సీసాలకూ ఇదే వర్తిస్తుంది. 1994 నాటి చట్టం ప్రకారం అక్కడ సప్లిమెంటును అమ్మకానికి పెట్టేముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. ఆ దేశపు సీసా కాబట్టి మంచిదై ఉంటుందనే నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ఇంత ముప్పు తలకెత్తుకుని పొందేదేమిటి? 2012లో కొక్రేన్ సంస్థ బరువు తగ్గడానికి గ్రీన్ టీ ఉత్పత్తులు ఎంత ఉపయోగపడతాయో సమీక్షించింది. జపాన్ వెలుపల జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, వాడనివారి కంటే వాడినవారు సగటున అదనంగా తగ్గింది 0.04 కిలోలు. నలభై గ్రాములు. ఒక్క గ్లాసు మంచినీళ్లు తాగితే పెరిగే బరువు దీనికంటే ఎక్కువ. ఈ నలభై గ్రాముల కోసం వందల రూపాయలు పోసి, కాలేయాన్ని పణంగా పెట్టమని ప్రజలను ప్రోత్సహిస్తున్నవారు దానికి సమాధానం చెప్పాలి.

జబ్బు పడినవారి విషయంలో మన దగ్గర ఒక అదనపు ప్రమాదం ఉంది. ఈ కాలేయ దెబ్బ చాలావరకు వాడటం మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి ఆరు నెలల లోపు బయటపడుతుంది. మొదట నీరసం, ఆకలి చచ్చిపోవడం, వికారం, కుడివైపు డొక్కలో నొప్పి ఉంటాయి. తర్వాత మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఒళ్లు దురద పెడుతుంది. రక్తపరీక్షలో నలభై లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ వందల్లో, కొందరిలో వేలల్లో వస్తుంది. చూడ్డానికి ఇది అచ్చంగా వైరల్ హెపటైటిస్‌లాగే ఉంటుంది. కలుషిత నీటితో హెపటైటిస్ ఎ, ఇ తరచూ వచ్చే మన ప్రాంతంలో పచ్చకామెర్లు అనగానే నీళ్ల మీదికే అనుమానం పోతుంది. చాలామంది పసరు మందుకు వెళతారు. ఆసుపత్రికి వచ్చినవారిని డాక్టరు ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని అడిగితే ‘లేదండీ’ అంటారు. వాళ్లు దాస్తున్నారని కాదు. గ్రీన్ టీ క్యాప్సూల్‌ను మందుగా వాళ్లు ఎప్పుడూ అనుకోలేదు. అలా అనుకోకుండా చేసింది ప్రకటనే. దాంతో కామెర్లతో మంచం మీద ఉన్న మనిషి ఆరోగ్యానికి మంచిదని అదే క్యాప్సూల్ మింగుతూ ఉంటాడు.

ఇది ఆపితే చాలావరకు తగ్గే జబ్బు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కాలేయం కోలుకుంటుంది. ఆపకపోతే ముదరవచ్చు, కోలుకున్నాక మళ్లీ మొదలుపెడితే రెండోసారి ఇంకా తీవ్రంగా రావచ్చు. ఏ మందు వల్లనైనా ఎంజైములు బాగా పెరిగి దానితోపాటు కామెర్లు కూడా వచ్చినవారిలో దాదాపు పదిమందిలో ఒకరికి ప్రాణాపాయమో కాలేయ మార్పిడి అవసరమో వస్తుందని వైద్యులు ఏనాడో గుర్తించారు. గ్రీన్ టీ క్యాప్సూల్ వల్ల కాలేయ మార్పిడి దాకా వెళ్లినవారు ఉన్నారు. అరుదు అనే మాట లక్షల్లో వాడేవారిని లెక్కబెట్టినప్పుడు సరైనదే. కానీ ఏ ప్రయోజనమూ రుజువు కాని వస్తువు విషయంలో ఆ అరుదైన ముప్పును కూడా కొనుగోలుదారు మీద రుద్దే హక్కు ఎవరికీ లేదు.

కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న ప్రతి సీసా మీద రోజు మోతాదుకు ఎన్ని మిల్లీగ్రాముల ఈజీసీజీ వస్తుందో శాతంలో కాకుండా నేరుగా మిల్లీగ్రాముల్లో రాయించాలి. పరగడుపున వద్దని, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు వాడకూడదని, మూత్రం రంగు మారితే వెంటనే ఆపి డాక్టరును కలవాలని సీసా ముందువైపున, ప్రాంతీయ భాషలో అచ్చు వేయించాలి. కొవ్వు కరిగిస్తుందనే ప్రకటనకు రుజువు అడగాలి. మిశ్రమాల చాటున మోతాదు దాచే లేబుళ్లను అనుమతించకూడదు. అమెరికా ఫార్మకోపియా తన గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ప్రమాణంలోనే ఈ తరహా హెచ్చరికను చేర్చింది. యూరప్ చట్టంలో రాసింది. వాళ్ల పౌరుల కాలేయానికి దక్కిన రక్షణ మన పౌరుల కాలేయానికి దక్కకూడదా?

వైద్యులు కూడా తమ ప్రశ్నను మార్చాలి. ‘మందులు వాడుతున్నారా’ అని అడిగి ఊరుకోకుండా పొడులు, క్యాప్సూల్స్, జిమ్‌లో ఇచ్చినవి, ఆన్‌లైన్‌లో తెప్పించినవి ఏమేం తీసుకుంటున్నారో విడివిడిగా అడగాలి, ఇంట్లో ఉన్న సీసా తెప్పించి చూడాలి. అనుమానం నిజమైతే కేసు షీటులో రాసి వదిలేయకుండా ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ విభాగానికి నివేదించాలి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగి బంధువులు కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో ఎక్సోలిజ్‌ను అంగళ్ల నుంచి తీయించింది అలా ఒక్కొక్కటిగా చేరిన పదమూడు కేసులే.